అరియర్స్ లెక్క: బేసిక్ 8,000 పెరిగితే నెలకు 1,400 ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మాకు వేతన సవరణ జరిగింది. ఏప్రిల్ 1 నుంచి వర్తింపు. కొత్త జీతం చేతికి అందేది మాత్రం జనవరి నుంచి. నా బేసిక్ 30,000 ఉండేది, 38,000 చేశారు. నెలకు 8,000 చొప్పున తొమ్మిది నెలలకు 72,000 వస్తాయనుకున్నాను. ఆఫీసు వాళ్లు 2,614 అని స్టేట్‌మెంట్ చేతిలో పెట్టారు. నెలనెలా 600 ఐఆర్ ఇచ్చారు, నవంబరులో అడ్వాన్సుగా 6,000 ఇచ్చారు, నిజమే. సెప్టెంబరులో ఆరు రోజులు జీతం లేని సెలవు కూడా పెట్టాను. అయినా ఇంత తేడానా? రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఆర్డర్ కాపీ, పే స్లిప్పులు, స్టేట్‌మెంట్ జతచేశాను. చూసి చెప్పండి సార్.

సమాధానం: మీకు రావలసింది 72,000 కాదు. 2,614 కూడా కాదు. మీరు పంపిన కాగితాల ప్రకారం 7,894 రావాలి. మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది, ఆఫీసు లెక్కలో ఇంకొకటి ఉంది. మీరే మళ్లీ వేసి చూసుకునేలా రెండూ వివరంగా చెబుతాను.

ముందు ఆ 8,000 సంగతి చూద్దాం. బేసిక్ 30,000 ఉన్నప్పుడు మీకు 20 శాతం డీఏ వచ్చేది, అంటే 6,000. సవరణ ఆర్డర్‌లో రెండో పేరా చదవండి. ఏప్రిల్ 1 నాటికి ఉన్న డీఏను బేసిక్‌లో కలిపేశారు. 30,000కు 6,000 కలిస్తే 36,000. దాని మీద పాత బేసిక్‌లో 5 శాతం ఫిట్‌మెంట్, అంటే 1,500 కలిపితే 37,500. కొత్త స్కేలులో 37,500 అనే స్టేజీ లేదు కాబట్టి పై స్టేజీ అయిన 38,000లో ఫిక్స్ చేశారు. మీ ఫిక్సేషన్ సరిగ్గానే ఉంది.

అంటే పెరిగినట్టు కనిపిస్తున్న 8,000లో 6,000 మీరు ఇదివరకే డీఏ రూపంలో తీసుకుంటున్నదే. అది వేరే గడిలోంచి బేసిక్ గడిలోకి వచ్చింది, అంతే. అందుకే ఏప్రిల్‌లో మీ కొత్త డీఏ సున్నా. అసలు పెరుగుదల 2,000. అందులో 600 ఐఆర్ పేరుతో నెలనెలా ముందే ఇచ్చారు. ఇక మిగిలింది 1,400. ఏప్రిల్, మే, జూన్ నెలలకు మీ అరియర్స్ ఇదే. వేతన సవరణ వచ్చిన ప్రతిసారీ కొత్త బేసిక్‌లోంచి పాత బేసిక్ తీసేసి నెలలతో గుణించేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తర్వాత మనసు కష్టపడుతుంది.

సరైన పద్ధతికి అకౌంట్స్ సెక్షన్లలో డ్యూ–డ్రాన్ అంటారు. ఒక్కో నెలకు ఒక్కో వరుస. ఒక పక్క డ్యూ, అంటే కొత్త ఆర్డర్ మొదటి నుంచీ అమల్లో ఉండి ఉంటే ఆ నెలకు రావలసిన మొత్తం. ఇంకో పక్క డ్రాన్, అంటే ఆ నెల కింద మీకు నిజంగా ముట్టిన మొత్తం. రెండింటి తేడాయే ఆ నెల బకాయి. నెలలన్నీ ఒకేలా ఉంటే ఒక నెలకు వేసి గుణించేయవచ్చు. కానీ తొమ్మిది నెలల్లో ఏదో ఒకటి మారకుండా ఉండదు. మీ విషయంలో జూలైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారింది, మధ్యలో సెప్టెంబరు సెలవు ఉంది. అందుకే ముందుగా క్యాలెండరు మీద ఆ తేదీలకు గీతలు పెట్టుకున్నాను. తర్వాతే కూడికలు.

జూలైలో మీకు ఇంక్రిమెంట్ వచ్చింది. పాత స్కేలులో అది 1,000, కాబట్టి 31,000 తీసుకున్నారు. కొత్త స్కేలులో 38,000 తర్వాతి స్టేజీ 39,200. అంటే ఇంక్రిమెంట్ 1,200. పాత వెయ్యినే కొత్త బేసిక్‌కు కలిపి 39,000 వేయడం చాలా స్టేట్‌మెంట్లలో చూస్తుంటాను. మీ దాంట్లో ఆ తప్పు లేదు. అదే జూలైలో డీఏ కూడా పెరిగింది. పాత లెక్కలో 20 నుంచి 23 శాతం అయింది, అంటే 31,000 మీద 7,130. కొత్త లెక్కలో సున్నా నుంచి 2.5 శాతం అయింది, అంటే 39,200 మీద 980. పాత డీఏ శాతాన్ని కొత్త బేసిక్‌కు పట్టించకూడదు. 20 శాతం ఒకసారి బేసిక్‌లో కలిసిపోయాక మళ్లీ 23 శాతం వేస్తే ఒకే డబ్బును రెండుసార్లు అడిగినట్టే.

ఇక హెచ్‌ఆర్‌ఏ. ఇక్కడ ఆర్డర్ చివరి పేజీని జాగ్రత్తగా చూడాలి. బేసిక్, డీఏ ఏప్రిల్ 1 నుంచి అని రాశారు. అలవెన్సుల కొత్త రేట్లు మాత్రం అక్టోబరు 1 నుంచి అని విడిగా ఒక వాక్యం ఉంది. ఇలాంటి వాక్యం చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ ఆరు నెలల లెక్కను మార్చేస్తుంది. మీ ఆర్డర్ ప్రకారం సెప్టెంబరు చివరి వరకు హెచ్‌ఆర్‌ఏ పాత బేసిక్ మీద పాత 10 శాతమే. ఆ నెలల్లో డ్యూలోనూ డ్రాన్‌లోనూ ఒకే అంకె ఉంటుంది, తేడా సున్నా. అక్టోబరు నుంచి 39,200 మీద 9 శాతం, అంటే 3,528. మీరు తీసుకున్నది 3,100. నెలకు 428 తేడా. శాతం 10 నుంచి 9కి తగ్గిందని బాధపడకండి, అది పడే బేసిక్ పెద్దదైంది.

ఇప్పుడు వరుసలు వేద్దాం. అంకెలన్నీ కోతలకు ముందువే.

| నెలలు | డ్యూ | డ్రాన్ | నెలకు తేడా | మొత్తం |
|---|---|---|---|---|
| ఏప్రిల్–జూన్ | 41,000 | 39,600 | 1,400 | 4,200 |
| జూలై, ఆగస్టు | 43,280 | 41,830 | 1,450 | 2,900 |
| సెప్టెంబరు | 34,624 | 33,464 | 1,160 | 1,160 |
| అక్టోబరు–డిసెంబరు | 43,708 | 41,830 | 1,878 | 5,634 |

మొత్తం 13,894. ఏప్రిల్ డ్యూ 41,000 అంటే 38,000 బేసిక్, 3,000 హెచ్‌ఆర్‌ఏ. డ్రాన్ 39,600 అంటే 30,000 బేసిక్, 6,000 డీఏ, 3,000 హెచ్‌ఆర్‌ఏ, 600 ఐఆర్. మిగతా వరుసలు కూడా ఇలాగే విడదీసి చూసుకోండి.

సెప్టెంబరు వరుస దగ్గర కాస్త ఆగండి. ముప్పై రోజుల్లో ఆరు రోజులకు జీతం లేదు, అంటే ఇరవై నాలుగు రోజుల జీతం. మీ స్లిప్పులో బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఐఆర్ అన్నీ ముప్పైలో ఇరవై నాలుగు వంతులే ఉన్నాయి. కాబట్టి డ్రాన్ 41,830 కాదు, 33,464. డ్యూను కూడా అదే వంతుకు కోయాలి. 43,280లో ముప్పైకి ఇరవై నాలుగు అంటే 34,624. తేడా 1,160. డ్యూ పక్కన నిండు నెల జీతం పెట్టి, డ్రాన్ పక్కన కోసిన జీతం పెడితే తేడా 9,816 వస్తుంది. అది అరియర్స్ కాదు, పని చేయని ఆరు రోజుల జీతం వెనకదారిలో వచ్చినట్టవుతుంది. ఆడిట్‌లో దొరికితే మీ జీతంలోంచే వెనక్కి తీసుకుంటారు. ఏ ఒక్క నెల తేడా అయినా చుట్టుపక్కల నెలల కంటే కొన్ని రెట్లు ఎక్కువగా కనిపిస్తే, ముందు ఆ నెల సెలవులు చూడండి. సాధారణంగా కారణం అక్కడే ఉంటుంది.

మీ అక్టోబరు స్లిప్పులో ఇంకో చిక్కు ఉంది. అందులో డీఏ మామూలు కంటే 1,860 ఎక్కువగా కనిపించింది కదా? పాత లెక్కలో డీఏ 3 శాతం పెంపును సెప్టెంబరులో ప్రకటించి, జూలై, ఆగస్టు నెలల తేడాను అక్టోబరు జీతంతో ఇచ్చారు. 31,000లో 3 శాతం 930, రెండు నెలలకు 1,860. ఈ డబ్బు అందింది అక్టోబరులో, కానీ అది చెందింది జూలై, ఆగస్టు నెలలకు. డ్రాన్ గడిలో ఎప్పుడూ ఏ నెలకు చెందిందో ఆ నెలలోనే వేయాలి. అందుకే పై పట్టికలో జూలై, ఆగస్టు డ్రాన్‌లో నిండు 7,130 డీఏ వేసి, అక్టోబరులో ఆ 1,860 తీసేశాను. అక్టోబరులోనే ఉంచినా చివరి మొత్తం మారదు. కానీ అప్పుడు జూలైలో 2,380, అక్టోబరులో 18 అని వింత తేడాలు వస్తాయి. అసలు ప్రమాదం వేరే ఉంది. జూలై స్లిప్పు చూసి 20 శాతం డీఏనే రాసి, అక్టోబరు స్లిప్పులో ఆ 1,860 పాత బకాయే కదా అని వదిలేస్తే, డ్రాన్ 1,860 తగ్గి అరియర్స్ అంత ఎక్కువ వచ్చేస్తాయి.

నేను అకౌంట్స్ పనిలో చేరిన కొత్తలో ఇలాంటిదే ఒకటి చేశాను. పని త్వరగా అవుతుందని డ్రాన్ గడుల్లో కూడా రేట్లు పెట్టి ఫార్ములా వేశాను. స్లిప్పులు తీసి చూడలేదు. ఒకాయనకు పాత ఇంక్రిమెంట్ ఆలస్యంగా ఇచ్చారు, ఆ నెలల్లో ఆయనకు నిజంగా ముట్టింది తక్కువ. నా ఫార్ములా ఆయన ఎక్కువ తీసుకున్నట్టు చూపించింది. రావలసిన డబ్బు ఆయనకు నెలల తరబడి ఆగిపోయింది. ఆయన మర్యాదగా అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి డ్యూ గడిలో ఫార్ములా, డ్రాన్ గడిలో స్లిప్పు చూసి టైపు చేసిన అంకె, ఇదే నా పద్ధతి. మీరు కంప్యూటరులో వేసుకుంటే B గడిలో బేసిక్, C లో డీఏ శాతం, D లో హెచ్‌ఆర్‌ఏ, E లో నెల రోజులు, F లో జీతం ఉన్న రోజులు పెట్టి డ్యూకు ఇది రాయండి:

```
=ROUND((B2+B2*C2+D2)*F2/E2,0)
```

C గడిలో 2.5 అని కాకుండా 2.5% అని టైపు చేయండి, లేకపోతే డీఏ వంద రెట్లవుతుంది. సెలవు లేని నెలల్లో E, F గడుల్లో ఒకే అంకె ఉంటుంది. కొన్నిచోట్ల ఒక్కో పద్దును విడిగా రౌండ్ చేస్తారు, కొన్నిచోట్ల మొత్తాన్ని చేస్తారు. అలాంటప్పుడు ఒకటి రెండు రూపాయల తేడా వస్తే దాని కోసం గొడవపడకండి.

ఇప్పుడు ఆఫీసు పొరపాటు. 13,894లోంచి నవంబరులో ఇచ్చిన 6,000 అడ్వాన్సు తీసేస్తే 7,894. ఈ 6,000 ఏ ఒక్క నెలకూ చెందింది కాదు, మొత్తం అరియర్స్ మీద ముందస్తుగా ఇచ్చింది. కాబట్టి నెలల వరుసల్లో కాకుండా చివర ఒకేసారి తీయడం సరైనదే. ఆఫీసు కూడా అలాగే చేసింది. కానీ వాళ్ల స్టేట్‌మెంట్ అడుగున "ఇదివరకు చెల్లించినవి" అనే శీర్షిక కింద 6,000తో పాటు ఇంకో అంకె ఉంది చూడండి, 5,280. అదేమిటో పక్కన రాయలేదు.

నా లెక్కకూ వాళ్ల లెక్కకూ తేడా 7,894 మైనస్ 2,614, అంటే సరిగ్గా 5,280. ఇలా తేడా ఒకే అంకెగా నిలిచినప్పుడు నేను మళ్లీ మొదటి నుంచి కూడను. ఆ అంకె దేని మొత్తమో వెతుకుతాను. నెలకు 600 ఐఆర్, ఎనిమిది నెలలకు 4,800. సెప్టెంబరులో సెలవు వల్ల 480. రెండూ కలిపితే 5,280. అంటే ఇది మీ ఐఆర్ మొత్తం. ఐఆర్‌ను ప్రతి నెలా డ్రాన్ గడిలో ఇప్పటికే కలిపారు. ఏప్రిల్ డ్రాన్‌లో వాళ్లూ 39,600 వేశారు, అందులో 600 ఉంది. మళ్లీ అడుగున మొత్తంగా తీసేశారు. ఒకే డబ్బు మీ నుంచి రెండుసార్లు వెళ్లింది.

ఇది కావాలని చేసింది అయి ఉండదు. నెల వరుసలు ఒకరు వేసి, అడుగున రికవరీలు ఇంకొకరు వేసినప్పుడు ఇలా జరుగుతుంది. ఐఆర్‌ను ఏదో ఒకచోట తీయాలి, రెండుచోట్లా కాదు. నెలల డ్రాన్‌లో కలపకుండా అడుగున తీసినా లెక్క సరిపోతుంది. అలా చేస్తే ఏప్రిల్ తేడా 2,000 అవుతుంది, మొత్తం 19,174 అవుతుంది, అందులోంచి 5,280, 6,000 తీస్తే మళ్లీ 7,894 వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే చోటికి చేరితే లెక్క నమ్మదగినదని నేను అనుకుంటాను. మీరు కూడా రెండు రకాలుగా వేసి చూసుకోండి.

ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే డబ్బు పడిన రోజు మళ్లీ టెన్షన్ పడతారు. 7,894 మీ ఖాతాలో పడే మొత్తం కాదు. మీ స్లిప్పుల ప్రకారం బేసిక్, డీఏ కలిపిన దాని మీద 10 శాతం పీఎఫ్ కోస్తున్నారు. అరియర్స్ మీద కూడా కోస్తారు. ఏప్రిల్–జూన్ నెలలకు 200 చొప్పున, జూలై నుంచి 205 చొప్పున, సెప్టెంబరుకు 164, మొత్తం 1,789. అది పోగా 6,105 మిగులుతుంది. ఆదాయపు పన్ను కోత ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. ఇక్కడ పీఎఫ్‌ను కొత్త బేసిక్, పాత బేసిక్ తేడా మీద, అంటే 8,000 మీద కోశారేమో కూడా చూసుకోండి. అలా కోస్తే నెలకు 800 పోతుంది. పాత డీఏ మీద మీరు అప్పట్లోనే పీఎఫ్ కట్టారు కాబట్టి తేడా 2,000 మీదే పడాలి.

ఆఫీసుకు వెళ్లేటప్పుడు 72,000 మాట ఎత్తకండి. ఆ మాటతో మొదలుపెడితే సంభాషణంతా డీఏ విలీనం గురించే నడుస్తుంది, అసలు పొరపాటు పక్కకు పోతుంది. ఒక చిన్న దరఖాస్తు రాసివ్వండి. "నా అరియర్స్ స్టేట్‌మెంట్‌లో నెలవారీ డ్రాన్ మొత్తాల్లో ఐఆర్ కలిసి ఉంది. అదే ఐఆర్ మొత్తం 5,280ను చివరి రికవరీల్లో మళ్లీ చూపారు. దయచేసి సరిచూసి, నాకు రావలసిన నికర అరియర్స్‌ను 2,614కు బదులు 7,894గా సవరించగలరు" అని ఇంతే చాలు. ఏప్రిల్ స్లిప్పు, సెప్టెంబరు స్లిప్పు కాపీలు జతచేయండి. ఏప్రిల్ స్లిప్పు ఐఆర్ డ్రాన్‌లో ఉందని చూపిస్తుంది, సెప్టెంబరు స్లిప్పు 480 ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తుంది. స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టమంటే సవరణ జరిగాకే పెట్టండి. ఈలోగా 2,614 ఖాతాలో పడిపోతే వాపసు ఇవ్వనక్కర్లేదు, మిగిలిన 5,280కి సప్లిమెంటరీ బిల్లు పెట్టమని అడగండి.

జనవరి స్లిప్పు రాగానే ఒకసారి చూసుకోండి. అందులో బేసిక్ 39,200, హెచ్‌ఆర్‌ఏ 3,528 ఉండాలి, డీఏ రేటు మారకపోతే 980 ఉండాలి, ఐఆర్ గడి ఖాళీగా ఉండాలి. ఐఆర్ 600 పొరపాటున కొనసాగితే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. అది తర్వాత తప్పకుండా రికవరీకి వస్తుంది, అప్పుడు మళ్లీ ఇదే స్టేట్‌మెంట్ తెరవాల్సి ఉంటుంది.